పండుగకు ఎన్ని మెయిళ్లు పంపాలి?

పండుగ అమ్మకాల కోసం ఖాతాదారులకు పంపే ఈమెయిళ్లలో ప్రతి ఒక్కటీ కొన్ని ఆర్డర్లు తెస్తుంది, కొందరిని జాబితా నుంచి పంపించేస్తుంది కూడా. ఆర్డర్లు వెంటనే కళ్లకు కనిపిస్తాయి. వెళ్లిపోయినవారి వల్ల వచ్చే నష్టం మాత్రం ఆ తర్వాతి పండుగల్లో నెమ్మదిగా తెలుస్తుంది. అందుకే చాలా దుకాణాలు మొదటి లెక్క ఒక్కటే చూసి మెయిళ్ల సంఖ్య పెంచుకుంటూ పోతాయి. ఎన్ని పంపాలో తేలాలంటే రెండు లెక్కలనూ రూపాయల్లోకి మార్చి పక్కపక్కన పెట్టాలి.

ఉదాహరణకు రాజమహేంద్రవరంలో సంక్రాంతి పిండివంటలు చేసి పార్సిల్‌లో పంపే ఒక దుకాణం ఉందనుకుందాం. దాని జాబితాలో 4,000 మంది ఉన్నారు. వీరికి పంపిన మెయిళ్ల వల్ల ఏడాదికి వచ్చే లాభం 2 లక్షల రూపాయలు. అంటే తలకు 50 రూపాయలు. ఒకసారి పేరు ఇచ్చినవారు సగటున రెండేళ్లు జాబితాలో ఉంటున్నారంటే, ఒక మనిషి వెళ్లిపోతే దుకాణానికి పోయేది సుమారు 100 రూపాయలు. ఒక్కో ఆర్డర్ మీద మిగిలేది 150 రూపాయలు.

కిందటి సంక్రాంతికి ఈ దుకాణం ఐదు మెయిళ్లు పంపింది. మొదటిదానికి 40 ఆర్డర్లు వచ్చాయి, 8 మంది వెళ్లిపోయారు. లాభం 6,000, నష్టం 800. రెండోదానికి 20 ఆర్డర్లు, 10 మంది పోయారు. ఇదీ లాభమే. మూడోదానికి 8 ఆర్డర్లే వచ్చాయి, 14 మంది పోయారు. 1,200 రూపాయల లాభానికి 1,400 రూపాయల నష్టం. నాలుగోదానికి 5 ఆర్డర్లు, 18 మంది పోయారు. ఇక ఆర్డర్లకు చివరి తేదీ చెప్పిన ఐదో మెయిల్‌కు 26 ఆర్డర్లు వచ్చాయి, పోయినవారు 11 మంది.

ఈ లెక్క ప్రకారం మూడు, నాలుగు మెయిళ్లు పంపకుండా ఉంటే 13 ఆర్డర్లు, అంటే 1,950 రూపాయలు తగ్గేవి. కానీ 3,200 రూపాయల విలువైన 32 మంది జాబితాలో మిగిలేవారు. పైగా ఆ 13 మందిలో కొందరు ఎలాగూ చివరి తేదీ మెయిల్ చూసి కొనేవారే. ఆ సంగతి తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. జాబితాలో పదోవంతు మందిని చీటీ తీసినట్టు ఎంచి, వారికి మధ్య మెయిళ్లు ఆపి, చివరకు రెండు వర్గాల్లో నూటికి ఎందరు కొన్నారో పోల్చాలి. 400 మంది మీద ఒక్క పండుగలో కనిపించే తేడా కాకతాళీయం కావచ్చు. రెండు మూడు పండుగల లెక్క కలిపాకే దాన్ని నమ్మాలి.

వెళ్లిపోవడం ఒకే రకంగా ఉండదు. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కినవారు మర్యాదగా సెలవు తీసుకున్నట్టే. మెయిల్‌ను స్పామ్ అని గుర్తు పెట్టినవారి వల్ల నష్టం మిగతా అందరి దాకా పాకుతుంది. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచుకోవాలని, 0.3 శాతానికి చేరనివ్వకూడదని గూగుల్ చెబుతోంది. జాబితా మొత్తం జీమెయిల్ చిరునామాలే అయితే 4,000 మందిలో 12 మంది విసుక్కుంటే చాలు, ఆ హద్దు వచ్చేసినట్టే. ఆ తర్వాత ఇష్టంగా చదివేవారికి పంపినవి కూడా స్పామ్ పెట్టెలో పడే ప్రమాదం ఉంది. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఇవ్వాలని 2024లో గూగుల్, యాహూ నియమం తెచ్చాయి. చిన్న దుకాణాలకు ఆ నియమం వర్తించకపోయినా పాటించడమే మేలు. తప్పుకునే లింకు కనిపించనివారు స్పామ్ బటన్ నొక్కుతారు.

మూడో రకం వారు చడీచప్పుడు లేకుండా చదవడం మానేస్తారు. వీరిని మెయిల్ తెరిచినవారి సంఖ్యతో పట్టుకోలేం. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లోని గోప్యతా ఏర్పాటు వల్ల, చదవని మెయిళ్లు కూడా తెరిచినట్టు లెక్కలోకి వస్తున్నాయి. లింకు నొక్కినవారు, కొన్నవారు ఎందరన్నదే నమ్మదగిన గుర్తు. ఏడాదిగా ఒక్క లింకూ నొక్కని, ఏమీ కొననివారికి మొదటి, చివరి మెయిళ్లు పంపితే సరిపోతుంది.

సంఖ్య తేలాక తేదీలు వేసుకోవాలి. వీటిని పండుగ రోజు నుంచి కాకుండా ఆర్డర్ల చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కించాలి. జనవరి 14 నాటికి ఇంటికి చేరాలంటే బెంగళూరు ఆర్డర్లు 6లోగా, హైదరాబాద్ ఆర్డర్లు 8లోగా రావాలనుకుంటే, చివరి మెయిల్ 5న వెళ్లాలి. రెండోది డిసెంబరు 29 ప్రాంతంలో, మొదటిది 20 ప్రాంతంలో వెళ్తే ఒక్కోదానికి కనీసం వారం ఎడం దొరుకుతుంది. నెలకొక మెయిల్‌కు అలవాటుపడినవారికి వారంలో నాలుగు వస్తే విసుగు పుట్టడం సహజం. అందుకే మొదటి మెయిల్ చివరే ‘ఈ సంక్రాంతికి మొత్తం మూడు మెయిళ్లు పంపుతాం’ అని చెప్పేయడం మంచిది. కింద ‘సంక్రాంతి మెయిళ్లు వద్దు, మిగతావి పంపండి’ అన్న లింకు ఇస్తే, పండుగ హడావుడి వద్దనుకునేవారు జాబితా పూర్తిగా వదిలిపెట్టరు.

రెండో మెయిల్ నుంచి రాత మారాలి. మొదటిదాన్నే ‘మళ్లీ గుర్తుచేస్తున్నాం’ అని పంపితే చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. మొదటి మెయిల్‌లో వంటల జాబితా, ధరలు ఉంటాయి కాబట్టి, రెండోదానిలో కొనబోయి ఆగినవారి సందేహాలకు జవాబు ఉండాలి. ఆ సందేహాలు దుకాణానికి వచ్చే ఫోన్లలోనే దొరుకుతాయి: అరిసెలు ఎన్నాళ్లు నిలవుంటాయి, నలుగురున్న ఇంటికి ఎన్ని కిలోలు సరిపోతాయి, జంతికలు దారిలో విరగకుండా ఎలా సర్దుతారు. ‘బొబ్బట్లు త్వరగా పాడవుతాయి కాబట్టి పార్సిల్‌లో పంపడం లేదు’ అన్న ఒక్క వాక్యం మిగతా సరుకు మీద నమ్మకం పెంచుతుంది. ఇలాంటి మెయిల్ కొననివారికీ పనికొస్తుంది.

చివరి మెయిల్ అన్నిటికంటే చిన్నదిగా ఉండాలి. ‘త్వరపడండి’ అన్న శీర్షిక కంటే ‘సంక్రాంతి ఆర్డర్లు: బెంగళూరుకు 6, హైదరాబాద్‌కు 8 చివరి తేదీ’ అన్నది మేలు. ఫోన్ తెర మీద శీర్షిక తోక తెగిపోతుంది కాబట్టి ముఖ్యమైన మాట ముందే రావాలి. లోపల మూడు నాలుగు వాక్యాలు చాలు: ‘ఈ తేదీల్లో సాయంత్రం 5 గంటల్లోగా వచ్చిన ఆర్డర్లు జనవరి 14 నాటికి చేరేలా పంపుతాం. సున్నుండలు అయిపోయాయి. అరిసెలు, జంతికలు ఉన్నాయి. సంక్రాంతికి ఇదే మా చివరి మెయిల్.’ ఇలా చెప్పాక మర్నాడు ‘గడువు పొడిగించాం’ అని ఇంకొకటి పంపితే, ఉగాదికి చెప్పే చివరి తేదీని ఎవరూ నమ్మరు.

అప్పటికే కొన్నవారికి ఈ మెయిల్ వెళ్లకూడదు. డబ్బు కట్టి పార్సిల్ కోసం చూస్తున్నవారికి ‘ఇంకా కొనలేదా’ అన్న ధోరణి చిరాకు తెప్పిస్తుంది. ప్రతి మెయిల్‌కు ముందు ఆర్డర్ల జాబితా చూసి వారి పేర్లు తీసేయాలి.

రాయడానికి కూర్చున్నాక కొత్తగా చెప్పేది ఒక్క సంగతీ దొరకకపోతే, ఆ మెయిల్ పంపకపోవడమే లాభం.