అ... నూ... ష: పేరులో దాచిన మూడు లైన్లు

మనసుకు నచ్చిన అమ్మాయి పేరులోని అక్షరాలను నిలువుగా రాసుకుని, ఒక్కో అక్షరంతో ఒక్కో లైను ఎత్తుకుని పద్యం అల్లడం కాలేజీ స్లామ్ బుక్కుల నాటి సరదా. ఇప్పుడది వాట్సాప్‌కి ఎక్కింది. కింద ఒక జోకు తగిలించి పంపడం కూడా మామూలైపోయింది. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. తెలుగులో రాయడానికి కూర్చుంటే మాత్రం రెండో అక్షరం దగ్గరే పెన్ను ఆగిపోతుంది.

మన లిపిలో పేరును విడగొడితే వచ్చేవి గుణింతాలు, ఒత్తులు. అన్నీ మాట మొదట్లో నిలబడవు. ‘లావణ్య’లో మూడోది ‘ణ్య’. ‘ణ’తో మొదలయ్యే మాట తెలుగులో వెతికినా దొరకదు. ‘వెన్నెల’లో రెండోది ‘న్నె’. జంట హల్లుతో మాట ఎత్తుకోలేం. ‘కళ్యాణి’ అయితే ‘ళ్యా’, ‘ణి’ రెండూ మొండికేస్తాయి. ఇలాంటి చోట ‘న్నె’ను ఒత్తు వదిలేసి ‘నె’గా, ‘ణ్య’ను ‘న్య’గా తీసుకోవాలి. ‘నెమ్మదిగా’ అనో, ‘న్యాయంగా చెప్పాలంటే’ అనో ఎత్తుకుంటే కథ నడుస్తుంది.

ఇది దొంగదారేమీ కాదు. శివపంచాక్షరి స్తోత్రం తెలిసినవాళ్లు ఒకసారి గుర్తుచేసుకోండి. ఐదు శ్లోకాల మొదళ్లు కలిపితే ‘నమశ్శివాయ’ అవుతుంది. కానీ మొదటి శ్లోకం ‘న’తో కాదు, ‘నా’తో మొదలవుతుంది. రెండోది ‘మం’తో. నాలుగోదానికి ‘వా’ కావాలి, ఉన్నది ‘వ’. హల్లు కుదిరితే చాలు, అచ్చు అటూఇటూ అయినా చెవి ఒప్పుకుంటుందన్నమాట. ఇంకో సంగతి. ఆ స్తోత్రం తన కిటుకును దాచుకోదు. ఏ అక్షరాన్ని స్తుతిస్తున్నదో ప్రతి శ్లోకం చివర తానే చెప్పేస్తుంది. అడ్డంగా చదివే కంటికి నిలువు వరస దానంతటదే కనబడదు. ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి.

ఇప్పుడు ఒక పేరు పట్టుకుని రాసి చూద్దాం. అనూష అనుకుందాం. కోచింగ్ సెంటర్లో పక్క బెంచీ, సాయంత్రం వన్ బై టూ అల్లం టీ, ఇద్దరి మధ్యా అంతవరకే పరిచయం. కుర్రాడు మొదట రాసేది దాదాపు ఇలా ఉంటుంది: ‘అందానికే అందం నువ్వు, నూరేళ్ల తోడు నువ్వు’. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఈ మాటలు ఏ అనూషకైనా సరిపోతాయి, పేరు తప్ప ఆ అమ్మాయి ఎక్కడా లేదు. పైగా టీ పరిచయానికి నూరేళ్ల తోడు మరీ బరువు. ఇక మూడో లైను ‘ష’ దగ్గర బండి అసలే కదలదు. నిఘంటువు తీస్తే ‘ష’ కింద ఉన్నవి గుప్పెడు మాటలు. షడ్రుచులు, షష్టిపూర్తి లాంటి ఆరు, అరవై లెక్కలు కొన్ని. షరతు, షికారు, షోకు లాంటి ఉర్దూ దారిన వచ్చినవి కొన్ని. ఇంకా ఔననని పిల్లకు షష్టిపూర్తి గురించి రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆ కొద్ది మాటల్లోనే ‘షరా’ ఉంది. రికార్డుల్లో చివరి గడికి పెట్టే పేరు. పైన రాసిన దానిమీద అదనంగా చెప్పాల్సింది అందులో రాస్తారు. అంటే కష్టమైన అక్షరమే జోకుకు చోటు చూపిస్తోంది. కుర్రాడు రెండోసారి ఇలా రాశాడనుకోండి:

అల్లం టీలో పెద్ద సగం నాకిస్తావు.
నూటికి నూరొచ్చిన నా లెక్క తప్పింది.
షరా: ‘ష’తో మాట దొరకడం కష్టం.

మొదటి లైను ఆ అమ్మాయి చేసే పని, ఇంకెవరికీ అతకదు. రెండోది అబ్బాయి మనసు, ప్రేమ అన్న మాట ఎత్తకుండానే చెప్పాడు. మూడోది జోకు. అది నవ్వించి ఊరుకోవడం లేదు. ‘ష’తో నీకేం పని అని ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి పైకి చూస్తుంది, తన పేరు కనబడుతుంది. స్తోత్రంలో శ్లోకం చివరి మాట చేసిన పనే ఇక్కడ జోకు చేసింది.

జోకుకు ఇంకో పని కూడా ఉంది. అవతలివాళ్లకు తప్పుకునే దారి ఇవ్వడం. పై మూడు లైన్లకు ‘ష తో షికారు ఉందిగా’ అని నవ్వుతూ జవాబిచ్చి మాట మార్చేయవచ్చు. ఎవరి పరువూ పోదు. అందుకే జోకు ఎవరిమీద వేస్తున్నామన్నది చూసుకోవాలి. పద్యం మీద, అక్షరాలతో పడ్డ తంటా మీద వేసుకుంటే బాగుంటుంది. ‘నాలాంటి వెధవని ఎవరు చూస్తారులే’ అంటే ఓదార్చే బాధ్యత ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. ‘జవాబివ్వకపోతే ఇంకో పది పద్యాలు పంపుతా’ అన్నది నవ్వు ముసుగేసుకున్న బెదిరింపు. ‘ఊరికే రాశాలే, పట్టించుకోకు’ అంటే రాసిందంతా తనే తుడిచేసినట్టు.

మరీ తెలివిగా దాస్తే ఏమవుతుందో అమెరికా కవి ఎడ్గార్ అలన్ పో కథ చెబుతుంది. 1846 ప్రేమికుల రోజుకు ఆయన ఫ్రాన్సెస్ సార్జెంట్ ఆస్‌గుడ్ అనే కవయిత్రి పేరు దాచి ఒక పద్యం రాశాడు. ఇద్దరూ పెళ్లయినవాళ్లే. పేరు నిలువుగా ఉంటే దొరికిపోతుందని మొదటి లైనులో మొదటి అక్షరం, రెండో లైనులో రెండో అక్షరం, మూడో లైనులో మూడోది, ఇలా ఏటవాలుగా పేర్చాడు. పేరు ఇందులోనే ఉంది, వెతుక్కోండి అని పద్యంలోనే సవాలు కూడా విసిరాడు. ఇంత చేసి, మొదట అచ్చయినప్పుడు ఆమె పేరులో మధ్య మాటకే స్పెల్లింగు తప్పు రాశాడు. తర్వాత దిద్దుకోవాల్సి వచ్చింది. అదే రోజు ఆయన భార్య వర్జీనియా కూడా ఒక పద్యం రాసింది. అందులో భర్త పేరు లైన్ల మొదళ్లలో నిలువుగా, ఎవరికైనా కనబడేలా ఉంది.

కాబట్టి ఆ అమ్మాయి తన పేరు ఎలా రాసుకుంటుందో ముందు కనుక్కోవాలి. అనూషా, అనుషా? శిరీషా, సిరీషా? తర్వాత ఫోను సంగతి. లైను పొడుగైతే తెరమీద విరిగి, మధ్యలో మాట ఎడమ అంచుకు వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నిలువుగా చదివితే ‘అనూష’ బదులు ఏదో వింత పేరు వస్తుంది. లైనుకు నాలుగైదు మాటలు మించనివ్వకుండా, లైనుకూ లైనుకూ మధ్య ఖాళీ వదిలి, ముందు మన నంబరుకే పంపుకుని చూసుకోవాలి. పంపేది మాత్రం ఆ అమ్మాయి ఒక్కదానికే. నలుగురున్న గ్రూపులో పెడితే తప్పుకునే దారి మూసేసినట్టే.

అటునుంచి నవ్వు బొమ్మ ఒక్కటే వచ్చి ఆగిపోతే అదే జవాబు. మరునాడు టీ దగ్గర మామూలుగా మాట్లాడాలి. ఇంటిపేరు అక్షరాలతో రెండో పద్యం మొదలుపెట్టకూడదు.