ఒకే ఈడు పిల్లలు ఒకే ఎత్తు ఎందుకు ఉండరు?

(గజపతినగరం ప్రాంతంలో పనిచేస్తున్న వ్యాయామోపాధ్యాయుడొకరు తమ ఉన్నత పాఠశాల విద్యార్థుల తలిదండ్రులకు వ్రాసిన లేఖ)



ఎనిమిదవ తరగతి కబడ్డీ జట్టును ఎంపిక చేసిన మరునాడు ఒక తండ్రి బడికి వచ్చాడు. వరుసలో నిలుచున్న పిల్లలను చూపించి, “మాస్టారూ, అందరూ ఒక్క ఏడు పుట్టినోళ్లే కదా! మావోడొక్కడేటండీ ఇలాగుండిపోనాడు?” అని అడిగాడు. అతని కుమారుడు పక్కనున్న పిల్లవాని భుజం దాకా మాత్రమే ఉన్నాడు. వాణ్ణి ఆటలు మాన్పించి, బజారులో అమ్మే పొడుగు పెంచే పొడి ఏదో కొని పోయాలని ఆ తండ్రి ఆలోచన. ఆయనకు ఆ రోజు నిలబడి చెప్పిన నాలుగు మాటలు చాలవనిపించి, మీ అందరికీ ఈ లేఖ వ్రాస్తున్నాను.

మన ఊరి రైతులకు తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. నాలుగు నెలల వరినీ, ఐదు నెలల వరినీ ఒకే రోజున నారు పోశారనుకుందాం. మూడు నెలలు గడిచేసరికి మొదటి మడి వెన్ను వేస్తుంది. రెండవది ఇంకా పచ్చగా పిలకలు వేస్తూ ఉంటుంది. అంతమాత్రాన రెండవ మడి చెడిపోయిందని ఏ రైతూ అనడు. నారు పోసిన తేదీ ఒకటే గాని, పైరు గడువు వేరు. పిల్లల సంగతీ కొంతవరకు ఇటువంటిదే. పుట్టిన తేదీ ఒకటే అయినా, శరీరం పెరిగే గడువు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

పెరుగుదల ఏటా ఒకే తీరున సాగదని చాలాకాలం క్రితమే కనుగొన్నారు. ఫ్రాన్సు దేశంలో మోంబెయార్ అనే ప్రభువు తన కుమారుని ఎత్తును పుట్టినప్పటినుండి పద్దెనిమిదేళ్లు నిండేవరకు, అంటే 1759 నుండి 1777 వరకు, సుమారు ఆరునెలల కొకసారి కొలిచి వ్రాసి ఉంచాడు. ఆ అంకెలలో ఒక విశేషం కనబడుతుంది. పసితనంలో ఎంతో వేగంగా ఉన్న పెరుగుదల క్రమంగా తగ్గి, యౌవనారంభంలో మళ్లీ ఒక్కసారి ఎగసి, తరువాత ఆగిపోయింది. అన్ని దేశాల పిల్లలలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. బడి ఈడు పిల్లలు సాధారణంగా ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఎదుగుతారు. యౌవనారంభపు ఉరవడిలో ఆడపిల్లలు ఏడాదికి సుమారు 8, మగపిల్లలు 9 లేక 10 సెంటీమీటర్ల దాకా ఎదుగుతారు.

ఈ ఉరవడి ఎప్పుడు వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఆడపిల్లలలో అది సగటున 12వ ఏట, మగపిల్లలలో 14వ ఏట ముమ్మరంగా ఉంటుంది. ఆరు, ఏడు తరగతులలో ఆడపిల్లలు మగపిల్లల కంటె పొడుగ్గా కనబడటానికి కారణం ఇదే. మగపిల్లవానికి ఆ తరువాత రెండేళ్లు అదనంగా దొరుకుతాయి. ఏడాదికి 5 చొప్పున ఆ రెండేళ్లలో 10 సెంటీమీటర్లు, ఆపైన ఉరవడిలో మరికొంచెం కలిసి, చివరకు స్త్రీ పురుషుల సగటు ఎత్తులలో సుమారు 13 సెంటీమీటర్ల తేడా ఏర్పడుతుంది. అయితే 12, 14 అన్నవి సగటులు మాత్రమే. ఆరోగ్యవంతులైన పిల్లలలోనే ఈ ఉరవడి రెండేళ్లు ముందు రావచ్చు, రెండేళ్లు వెనుక రావచ్చు. కనుక పదమూడేళ్ల బాలురు ఇరవైమంది ఉన్న తరగతిలో ఒకడు ఎదుగుదల దాదాపు ముగించుకొని ఉండవచ్చు. మరొకడు ఇంకా మొదలే పెట్టకపోవచ్చు.

ఎముక ఎలా పొడుగవుతుందో తెలిస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. తొడ ఎముక, కాలి ఎముక వంటి పొడుగు ఎముకల కొనల దగ్గర మెత్తని మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. అందులోని కణాలు విభజన చెంది వరుసలుగా పేరుకొని, పాతవి గట్టిపడి ఎముకగా మారతాయి. ఎముక పెరిగేది అక్కడే. యౌవనంలో తయారయ్యే హార్మోనులు ఈ పనిని మొదట త్వరపరుస్తాయి. చివరకు ఆ పలకనే ఎముకగా మార్చి మూసివేస్తాయి. పలక మూసుకొన్న తరువాత ఏ మందూ, ఏ వ్యాయామమూ ఎత్తును పెంచలేదు. ఎడమచేతి మణికట్టుకు ఎక్సురే తీసి, ఈ పలకలు ఎంతవరకు గట్టిపడినవో చూసి, వైద్యులు “ఎముక వయస్సు” లెక్క కడతారు. పదమూడేళ్ల బాలునికి ఎముక వయస్సు పదకొండు ఉండవచ్చు, పదిహేనూ ఉండవచ్చు.

నా కొలతల పుస్తకంలోని ఇద్దరు పాత విద్యార్థుల కథ చెబుతాను, పేర్లు అనవసరం. ఇద్దరూ ఒకే నెలలో పుట్టినవారు. ఆరవ తరగతిలో, పదకొండేళ్ల వయస్సులో, మొదటివాడు 146 సెంటీమీటర్లు, రెండవవాడు 132. ఎనిమిదవ తరగతికి వచ్చేసరికి మొదటివాడు 163, రెండవవాడు 142. తొమ్మిదవ తరగతిలో 167, 147. అప్పుడు ఇద్దరి నడుమ తేడా 20 సెంటీమీటర్లు. అన్ని పోటీలలోనూ మొదటివానిదే గెలుపు. వాడు ఆరడుగులు దాటి పెద్ద ఆటగాడవుతాడని ఇంట్లో అందరూ ఆశపడ్డారు. రెండవవాడు మైదానానికి రావడానికే సిగ్గుపడేవాడు.

కాని వారి ఎత్తులను గాక, ఏటేటి పెరుగుదలను చూడండి. మొదటివాడు ఒక ఏడు 9, మరుసటి ఏడు 8, ఆపైన 4 సెంటీమీటర్లు పెరిగాడు. అంటే వాని ఉరవడి తగ్గుముఖం పట్టింది. రెండవవాడు ఏటా తప్పకుండా 5 పెరుగుతూ వచ్చాడు. వాని ఉరవడి ఇంకా రానేలేదు. పదవ తరగతిలో మొదటివాడు 169, రెండవవాడు 154. ఇంటరు ముగించి ఒకనాడు ఇద్దరూ బడికి వస్తే సరదాగా మళ్లీ కొలిచాను. మొదటివాడు 170, రెండవవాడు 169! రెండవవాని తండ్రి కూడా చదువుకొనే రోజులలో ఆలస్యంగానే ఎదిగాడని తరువాత తెలిసింది. ఇటువంటి ఆలస్యం తరచు వంశంలోనే ఉంటుంది.

అయితే పొట్టివారందరూ ఇలా అందుకొంటారని చెప్పడం సత్యం కాదు. కొందరు తలిదండ్రుల పోలికనే పొట్టిగా ఉంటారు. దీనికి ఒక సులభమైన లెక్క ఉన్నది. తండ్రి 166, తల్లి 152 సెంటీమీటర్లు అయితే రెండూ కలిపి, మగపిల్లవానికైతే 13 చేర్చి, ఆడపిల్లకైతే 13 తీసివేసి, వచ్చిన దానిలో సగం తీయాలి. కొడుకుకు 165.5, కుమార్తెకు 152.5 వస్తుంది. ఇది గురి మాత్రమే. అసలు ఎత్తు దీనికి ఎనిమిదేసి సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు.

మరికొందరి పొట్టితనానికి మూలం పసితనంలోనే ఉన్నది. తల్లి గర్భంలోనూ, మొదటి రెండేళ్లలోనూ తిండి చాలకపోయినా, విరేచనాలు మాటిమాటికీ పట్టుకొన్నా తగ్గిన ఎత్తు తరువాత పూర్తిగా పూడటం కష్టం. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీప గ్రామాలు కొన్నింటిలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం పెట్టారు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ల వారైన తరువాత 2003-2005లో కొలిచి చూస్తే, ఆ ఆహారం అందని గ్రామాల పిల్లల కంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. లాభం నిజమైనదే గాని చిన్నది. పదమూడవ ఏట కొన్న డబ్బాపొడి నుండి అంతకు మించిన అద్భుతాన్ని ఆశించరాదు. ఆ డబ్బు మీ ఇంట్లోని పసిపిల్లకు గుడ్డు, పాలు, పప్పు పెట్టడానికి ఉపయోగిస్తే మేలు. ఎదిగే పిల్లలకు మన చోడి అంబలి, పప్పన్నం, బడిలో పెట్టే గుడ్డు కడుపునిండా అందితే చాలు.

మరి ఎవరి విషయంలో జాగ్రత్తపడాలి? ఒక్కసారి కొలిచిన ఎత్తు దీనికి జవాబు చెప్పలేదు. ఏటేటి పెరుగుదల చెబుతుంది. మీరే కొలవవచ్చు. పిల్లవాడు చెప్పులు విడిచి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి తిన్నగా ఎదుటికి చూడాలి. తలపై బల్లపరుపుగా ఒక అట్టను గోడకు ఆనించి పట్టి గీత గీయాలి. ఎప్పుడూ ఉదయమే కొలవండి. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లలు పగలంతా నొక్కుకొనిపోవడం వల్ల సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. మూడు నెలలలో పిల్లవాడు పెరిగేదే ఒక సెంటీమీటరు చిల్లర కనుక, అంత త్వరగా మళ్లీ కొలిస్తే కొలతలోని పొరపాటే పెరుగుదలగా కనిపించవచ్చు. ఆరునెలల కొకసారి కొలిచి, ఏడాది లెక్క చూడండి.

ఏడాదికి 4 సెంటీమీటర్లయినా పెరగని పిల్లవాణ్ణి, ఎదుగుదల ముగిసే ఈడు కాకపోతే, వైద్యునికి చూపించాలి. నా పుస్తకంలోనే మరొక బాలుడు ఒక ఏడంతా రెండున్నర సెంటీమీటర్లే పెరిగాడు. బద్ధకంగా ఉండేవాడు, ఒళ్లు మాత్రం వచ్చేది. వైద్యులు రక్తం పరీక్షించి థైరాయిడు గ్రంథి చాలినంత పనిచేయడం లేదని చెప్పారు. మాత్రలు మొదలుపెట్టిన తరువాత ఎదుగుదల మళ్లీ సాగింది. అలాగే ఆడపిల్లకు 13 ఏళ్లు, మగపిల్లవానికి 14 ఏళ్లు నిండినా యౌవన లక్షణాలేవీ మొదలుకాకపోతే ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. ఎక్కువమందికి అది ఆలస్యం మాత్రమే అని తేలుతుంది.

ఇక నా వంతు చెబుతాను. ఈ ఏడు కబడ్డీ సాధనకు పిల్లలను తరగతుల వారీగా గాక, ఎత్తు బరువులను బట్టి జట్లు చేస్తున్నాను. పొట్టివాడు తన జోడువానితో పట్టు నేర్చుకోవాలి. పొడుగువాడు ఒడ్డుపొడుగుతోనే గెలవడం అలవాటు చేసుకోకుండా పాదాల కదలికా, ఊపిరి నిలుపుకోవడమూ నేర్చుకోవాలి. రెండేళ్లకు తక్కినవారు తనను అందుకొన్నప్పుడు వానికి మిగిలేది ఆ నేర్పే. కనుక పొట్టిగా ఉన్నాడని ఎవ్వరినీ ఆటలు మాన్పించవద్దు. వచ్చే డిసెంబరులో అందరినీ మళ్లీ కొలుస్తాను. మీ పిల్లవాని అంకెలు చూడదలచిన వారు వచ్చి, పక్కవాని అంకెలతో గాక, వానివే జూన్ నెల అంకెలతో పోల్చి చూసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పిల్లల వ్యాయామోపాధ్యాయుడు