ఇన్వాయిస్‌లో పేరు మారిపోతే రాసే క్షమాపణ మెయిల్

ఒక షీట్‌లోని పేర్లన్నీ ఒకేసారి మార్చే సౌకర్యం వల్ల వచ్చే పొరపాటు సాధారణంగా ఒకే తీరులో ఉంటుంది. ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ‘లక్ష్మీ ట్రేడర్స్’ అనే ఖాతాదారు తన పేరును ‘లక్ష్మీ ఏజెన్సీస్’గా మార్చుకున్నాడనుకుందాం. గుమాస్తా ఎక్సెల్‌లో పాత పేరు, కొత్త పేరు ఇచ్చి Replace All నొక్కుతాడు. అదే షీట్‌లో ‘విజయలక్ష్మీ ట్రేడర్స్’ కూడా ఉంటే, దాని పేరులోనూ ఆ అక్షరాలు ఉన్నాయి కాబట్టి అది ‘విజయలక్ష్మీ ఏజెన్సీస్’ అయిపోతుంది. Match entire cell contents అనే గడిలో టిక్ పెట్టి ఉంటే, పేరు మాత్రమే ఉన్న గళ్లలో ఈ తప్పు జరిగేది కాదు.

మెయిల్ రాసేముందు ఎన్ని బిల్లులు దెబ్బతిన్నాయో తేలాలి. మార్పుకు ముందున్న షీట్‌ను కొత్తదాని పక్కన పెట్టి, జీఎస్టీ నంబరువారీగా పేర్లు సరిచూస్తే తేడా బయటపడుతుంది. నంబరు పాతదే ఉండి పేరు మారిన ప్రతి వరుసనూ పరిశీలించాలి. పైన చెప్పిన రెండు ఖాతాలలో మొదటిదాని మార్పు సరైనది, రెండోదానిదే తప్పు.

ఆ తర్వాత రాసే మెయిల్‌లో ఏం తప్పు జరిగింది, ఏది మారలేదు, ఖాతాదారు ఏం చేయాలి అనేవి స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు:

“విషయం: 214, 219, 226 నంబర్ల ఇన్వాయిస్‌లలో మీ సంస్థ పేరు తప్పుగా పడింది

అయ్యా, మేము మరో ఖాతాదారు పేరు మారుస్తుండగా ఈ మూడు ఇన్వాయిస్‌లలో మీ పేరు కూడా ‘విజయలక్ష్మీ ఏజెన్సీస్’గా మారిపోయింది. తప్పు మాదే, మన్నించగలరు. మీ జీఎస్టీ నంబరు, సరుకు వివరాలు, మొత్తం, పన్ను మారలేదు. సరిచేసిన ప్రతులు జతచేశాం. పాతవాటి బదులు వీటిని లెక్కల్లో ఉంచుకోగలరు. ఇప్పటికే చెల్లించి ఉంటే మళ్లీ చెల్లించనక్కర్లేదు.”

ఇందులో సాఫ్ట్‌వేర్ మీదో గుమాస్తా మీదో నెపం వేయలేదు. కారణం ఒక్క వాక్యంలో ముగిసింది. ఇలాంటి మెయిల్‌ను ఏ ఖాతాదారుకు ఆ ఖాతాదారుకే విడిగా పంపాలి. అందరినీ ఒకే వరుసలో చేరిస్తే ఒకరి వివరాలు మరొకరికి తెలిసిపోతాయి.

కొనుగోలుదారు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఇన్వాయిస్‌పై ఉండాలని సీజీఎస్టీ నిబంధన 46 చెబుతుంది. అయితే పన్ను జమ కొనుగోలుదారు ఖాతాకు చేరేది జీఎస్టీ నంబరును బట్టే. కాబట్టి నంబరు కూడా మారిపోయి ఉంటే ‘పన్ను వివరాలు మారలేదు’ అని రాయకూడదు. అప్పుడు రిటర్నులోనూ సవరణ అవసరమవుతుంది. ఈ-ఇన్వాయిస్ అయితే పోర్టల్‌లో నమోదైనదాన్ని దిద్దే వీలుండదు. 24 గంటలలోపే రద్దు చేయాలి, రద్దయిన ఇన్వాయిస్ నంబరును మళ్లీ వాడరాదు. అందుకే సరిచేసిన ప్రతి పాత నంబరుతో వెళ్తుందా, కొత్త నంబరుతో వెళ్తుందా అన్నది అకౌంటెంట్‌తో తేల్చుకున్నాకే మెయిల్ పంపాలి.