విలోమానికీ పదో ఘాతానికీ ఒకే సమీకరణం

చతురస్ర మాత్రిక తన లాక్షణిక సమీకరణాన్ని తానే తృప్తిపరుస్తుంది. కేలీ–హామిల్టన్ సిద్ధాంతం చెప్పేది ఇదే. ఆర్థర్ కేలీ దీన్ని 1858లో ప్రకటించాడు.

A మాత్రికలో మొదటి వరుస 4, 1. రెండో వరుస 2, 3 అనుకుందాం. ప్రధాన వికర్ణం మొత్తం 7, నిర్ధారకం 10. కాబట్టి లాక్షణిక బహుపది λ² − 7λ + 10. λ స్థానంలో A ఉంచితే:

A² − 7A + 10I = 0

ఇక్కడ I యూనిట్ మాత్రిక. స్థిరపదం పక్కన I రాయడం మరిచిపోతే మాత్రికకు సంఖ్యను కలిపినట్లవుతుంది. తరచుగా జరిగే పొరపాటు ఇదే.

సమీకరణాన్ని A(7I − A) = 10I అని రాస్తే విలోమం కళ్లెదుటే ఉంటుంది:

A⁻¹ = (7I − A)/10

దీని వరుసలు 0.3, −0.1, −0.2, 0.4. స్థిరపదం సున్నా అయితే ఈ భాగహారం కుదరదు. అలాంటి మాత్రికకు విలోమమే లేదు.

A¹⁰ కోసం పదిసార్లు గుణించనక్కర్లేదు. λ¹⁰ను బహుపదితో భాగిస్తే శేషం aλ + b రూపంలో మిగులుతుంది. భాగహారం కూడా నిజంగా చేయనక్కర్లేదు, ఈ పద్ధతిలోని అందం అదే. మూలాలు 5, 2 దగ్గర బహుపది సున్నా అవుతుంది కనుక:

5a + b = 9765625
2a + b = 1024

వీటి నుంచి a = 3254867, b = −6508710. అప్పుడు A¹⁰ = aA + bI. దాని మొదటి వరుస 6510758, 3254867. రెండో వరుస 6509734, 3255891. వికర్ణం మొత్తం 9766649, అంటే 5¹⁰ + 2¹⁰. లెక్క సరిపోయింది.

మూలాలు రెండూ సమానమైతే ఒకే సమీకరణం మిగులుతుంది. రెండోదాన్ని అవకలనం ఇస్తుంది: ఆ మూలం వద్ద a = 10λ⁹.