బస్సులో వినపడుతుంది, ఇంట్లో వినపడదు

మా చిన్నాన్న కూతురి గురించి వాళ్లాయన చేసిన ఫిర్యాదు మొదట్లో నాకు నవ్వు తెప్పించింది. "వంటగదిలో ఉన్నప్పుడు పిలిస్తే పలకదు వదినా. ఆర్టీసీ బస్సులో మాత్రం నేను మామూలుగా మాట్లాడినా టక్కున జవాబు చెబుతుంది. కావాలనే చేస్తోందంటారా?"

కావాలని చేసేది కాదు. చెల్లెలికి అప్పటికి 31 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. కౌంటరు దగ్గర జనం తనతో "కాస్త గట్టిగా చెప్పండి మేడమ్" అంటున్నారట. చెముడు వచ్చినవాళ్లు గట్టిగా అరుస్తారు కదా, ఈ పిల్లేమో రోజురోజుకీ గొంతు తగ్గిస్తోంది. అందుకే ఇంట్లో ఎవరికీ చెవిమీద అనుమానం రాలేదు. కుడిచెవిలో సన్నగా హోరు వినిపిస్తోందంటే గులిమి అనుకుని ఏడాదిపాటు మందుల షాపు చుక్కలు వేశారు. తర్వాత నరాల బలహీనతన్నారు, విటమిన్ మాత్రలు మింగింది. రెండో కాన్పు తర్వాత ఫోను కుడిచెవి దగ్గర పెట్టుకోవడం మానేసింది. ఆ మానేసిన సంగతి కూడా తనంతట తాను గమనించుకోలేదు.

బస్సులో బాగా వినపడటం, గొంతు తగ్గిపోవడం అనే ఈ రెండు వింతలనూ విన్నాకే ఈఎన్‌టీ డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. జబ్బు పేరు ఓటోస్క్లెరోసిస్. చెవి వెనక జరిగే కథ తెలిస్తే ఆ రెండూ వింతలు కావు.

కర్ణభేరికి వెనక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. ఒకటి సుత్తి, రెండోది దాగలి, మూడోది అంకవన్నె. గుర్రపు జీనుకు వేలాడే అంకవన్నె ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది, కానీ ఎత్తు 3 మిల్లీమీటర్లే. బియ్యపు గింజలో సగం. మన ఒంట్లో ఇంతకంటే చిన్న ఎముక లేదు. దాని అడుగుపలక లోచెవి గోడలో ఉన్న ఒక కిటికీలో, చుట్టూ సన్నటి నారపట్టీతో కదలడానికి వీలుగా అమరి ఉంటుంది. లోచెవి నిండా ద్రవం. గాల్లోని శబ్దం నేరుగా నీటిని తాకితే చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. చెరువులో మునిగినవాడికి గట్టుమీద మాటలు వినపడకపోవడం అందుకే. కర్ణభేరి వైశాల్యం ఆ అడుగుపలకకు సుమారు 17 రెట్లు. వెడల్పు చోట పడిన ఒత్తిడినంతా తెచ్చి మేకుమొనలా ఒక చిన్నచోట పెట్టడం వల్లనే శబ్దం నీళ్లలోకి దిగుతుంది.

లోచెవి చుట్టూ ఉన్న ఎముకకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా ఎముకలు జీవితాంతం కొద్దికొద్దిగా అరిగి మళ్లీ కట్టుకుంటూ ఉంటాయి. ఇది మాత్రం ఒకసారి తయారయ్యాక దాదాపు అలాగే ఉండిపోతుంది. ఓటోస్క్లెరోసిస్‌లో ఆ నియమం తప్పుతుంది. కిటికీకి సరిగ్గా ముందున్న చోట ఎముక కరగడం, మళ్లీ కొత్తగా పెరగడం మొదలవుతుంది. పెరిగిన ఎముక కిటికీ అంచు దాటి అడుగుపలకను పట్టేస్తుంది. వానాకాలంలో ఉబ్బిన తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయినట్టే. బిగువు ఏళ్ల తరబడి పెరుగుతుంది కాబట్టి వినికిడి ఏ రోజు తగ్గిందో చెప్పలేం. సాధారణంగా ఇరవైలలో, ముప్పైలలో బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు రెండింతలు ఎక్కువగా కనిపిస్తుంది. గర్భం వల్ల ముదురుతుందా లేదా అన్నదాని మీద పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. పది మంది రోగుల్లో ఏడెనిమిది మందికి రెండు చెవులకూ వస్తుంది.

వంశంలో నడిచే జబ్బు కూడా. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి రావచ్చు. అయితే ఆ జన్యువు ఉన్నవాళ్లందరికీ చెముడు రాదు, అందుకే ఒక తరం దాటి బయటపడినట్టు అనిపిస్తుంది. డాక్టరు అడిగాకే మాకు చిన్నాన్న గుర్తొచ్చాడు. నలభై ఏళ్లకే ఆయనకు వినపడటం తగ్గింది. పొలంలో డీజిల్ ఇంజను మోత వల్లనే అని ఊరంతా తీర్మానించేశాం.

ఇప్పుడు గొంతు సంగతి. మన గొంతు మనకు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముక ద్వారా కూడా లోచెవికి చేరుతుంది. చెల్లెలికి లోచెవి, నరం బాగానే ఉన్నాయి. చెడింది దారి మాత్రమే. బయటి ప్రపంచం మసకబారిందిగానీ తన గొంతు తనకు గట్టిగానే వినిపిస్తోంది, అందుకే తగ్గించి మాట్లాడుతోంది. నరం చెడినవాళ్లు అరవడానికీ ఇదే కారణం, వాళ్ల గొంతు వాళ్లకే సరిగా వినపడదు. ఇక బస్సు. ఇంజను రొద చాలావరకు బొంగురు శబ్దం. ఈ జబ్బు మొదట మింగేది ఆ బొంగురు శబ్దాలనే. ఆ రొదకు మనమంతా తెలియకుండానే గొంతు పెంచుతాం. తనకు రొద అందదు, పెంచిన గొంతు అందుతుంది. 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒకామె గురించి రాశాడు. పక్కన డోలు మోగుతుంటేనే ఆమెకు మాటలు వినపడేవట. ఆమెతో మాట్లాడటానికి భర్త ఏకంగా డోలు కొట్టే నౌకరును పెట్టుకున్నాడట. మా మరిదికి ఆర్టీసీ ఉచితంగా ఆ పని చేసిపెట్టింది.

డాక్టరు చెవిలోకి చూశారు. కర్ణభేరి అద్దంలా ఉంది, చీములేదు, చిల్లు లేదు. తర్వాత 512 సంఖ్య చెక్కి ఉన్న శృతిదండాన్ని మోగించి ఒకసారి చెవి ముందు, ఒకసారి చెవి వెనక ఎముకకు ఆనించి, "ఎక్కడ గట్టిగా వినపడుతోందమ్మా?" అని అడిగారు. మామూలు చెవికి ముందు గట్టిగా వినపడాలి. తనకు వెనక గట్టిగా వినపడింది. నుదుటి మధ్య ఆనిస్తే శబ్దం కుడివైపుకు పోయింది. "చెడిపోయిన చెవిలోనే ఎక్కువ వినపడుతోందేంటండీ?" అని చెల్లెలు కంగారుపడింది. మీరూ చేసి చూడొచ్చు. ఒక చెవిని వేలితో మూసి "మ్‌..." అని కూనిరాగం తీయండి, శబ్దం మూసిన చెవిలోకే పోతుంది.

ఆడియోగ్రామ్ దీన్నే అంకెల్లో చెప్పింది. కుడిచెవిలో గాలి ద్వారా వినపడటానికి 50 డెసిబెళ్లు కావాల్సి వచ్చింది, ఎముక ద్వారా 15 చాలు. మధ్యనున్న ఆ 35 డెసిబెళ్ల ఖాళీయే బిగుసుకున్న ఎముక చేసిన నష్టం, సర్జరీ తిరిగి తేగలిగేదీ దాన్నే. ఎముక గీత కూడా దిగజారి ఉంటే ఆ మేరకు నరం దెబ్బతిన్నట్టు, ఏ సర్జనూ దాన్ని బాగుచేయలేడు. మరో పరీక్షలో గట్టి శబ్దం వినిపించి, అంకవన్నెను లాగే చిన్న కండరం స్పందిస్తుందా అని చూశారు. బిగుసుకున్న ఎముక కదలదు కాబట్టి ఏమీ నమోదు కాలేదు. ఈ పరీక్ష దాటేయకూడదు. లోచెవి అర్ధవృత్తాకార గొట్టం మీద ఎముక పలచబడి కన్నం పడినా ఆడియోగ్రామ్ ఇలాగే ఉంటుంది, కానీ కండరం స్పందిస్తుంది. వాళ్లకు ఈ ఆపరేషన్ చేస్తే ఫలితం ఉండదు. అనుమానముంటే సీటీ స్కాన్ తీస్తారు.

వినికిడి యంత్రం పెట్టుకున్నా సరిపోతుందని డాక్టరే చెప్పారు. నరం బాగున్నవాళ్లకు అది చక్కగా పనిచేస్తుంది. ఆపరేషన్‌లో పదిమందిలో తొమ్మిదిమందికి ఆ ఖాళీ దాదాపు పూడిపోతుంది. నూటికి ఒకరికి మాత్రం ఆ చెవి పూర్తిగా పోవచ్చు. అందుకే ఎక్కువ చెడిన చెవికే ముందు చేస్తారు, వినపడే చెవి ఒక్కటే ఉన్నవాళ్లకు చేయరు. చెల్లెలు వారం ఆలోచించుకుని ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

ఈ ఆపరేషన్ పుట్టుకలో ఒక పొరపాటు ఉంది. 1952లో న్యూయార్క్‌లో శామ్యూల్ రోజెన్ అనే సర్జన్, అంకవన్నె నిజంగా బిగుసుకుందా అని మెల్లగా కదిపి చూస్తుంటే, మెలకువగా ఉన్న రోగికి ఉన్నట్టుండి వినపడింది. కదిపితే చాలన్నమాట! కానీ కదిపిన ఎముక చాలామందిలో మళ్లీ బిగుసుకుపోయేది. 1956 మేలో మెంఫిస్‌లో జాన్ షే ఆ ఎముకనే తీసేసి, టెఫ్లాన్‌తో చేసిన నకలు పెట్టాడు. తెరిచిన కిటికీ మీద రోగి సిర ముక్కనే పొరలా పరిచాడు. అదే స్టెపెడెక్టమీ. ఇప్పుడు అడుగుపలకను మొత్తం తీయకుండా దాంట్లో చిన్న రంధ్రం చేస్తే చాలంటున్నారు, లోచెవికి కదలిక తక్కువ.

చెల్లెలికి మత్తు చెవి దగ్గరే ఇచ్చారు. బయట కోత లేదు, పని అంతా చెవి రంధ్రంలోంచే, మైక్రోస్కోపు కింద. కర్ణభేరిని పుస్తకంలో పేజీలా ఒకవైపు నుంచి లేపి మడిచారు. వెనక నాలుకకు రుచి మోసే సన్నటి నరం అడ్డంగా ఉంటే పక్కకు జరిపారు. అంకవన్నెను తాకి చూశారు, కదల్లేదు. దాగలి నుంచి అడుగుపలక దాకా దూరం కొలిచారు, నాలుగున్నర మిల్లీమీటర్లు. పిస్టన్ పొట్టిదైతే కదలిక అందదు, పొడవైతే లోచెవిని గుచ్చి తల తిరుగుతుంది. అంకవన్నె పైభాగాన్ని విరిచి తీసి, అడుగుపలకలో మిల్లీమీటరుకన్నా తక్కువ రంధ్రం చేసి, పిస్టన్ కొనను దాంట్లోకి దించి, రెండో కొనను దాగలికి కొక్కెంలా బిగించారు. చుట్టూ చిన్న కొవ్వుముక్కతో మూసి కర్ణభేరిని పరిచారు.

అప్పుడు డాక్టరు గుసగుసగా "అమ్మా, నా మాట వినపడుతోందా?" అన్నారట. "అరవకండి సార్" అందట ఇది.

తర్వాతి రెండురోజులు మంచం తిరుగుతున్నట్టే ఉంది. నాలుకకు కుడివైపు ఇనుము నాకినట్టు రుచి, మూడునెలలకు సర్దుకుంది. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, బిందె ఎత్తకూడదు, కొన్ని వారాలు విమానం వద్దు. కుదుటపడ్డాక మళ్లీ తల తిరిగినా, వచ్చిన వినికిడి హఠాత్తుగా తగ్గినా ఆ రోజే రమ్మన్నారు, ద్రవం కారుతుండొచ్చు, పిస్టన్ జారి ఉండొచ్చు. ఆరువారాలకు తీసిన ఆడియోగ్రామ్‌లో 50 దగ్గరున్న గీత 20కి వచ్చింది. ఎడమచెవి సంగతి ఇంకో ఏడాది ఆగి చూద్దామన్నారు.

చిన్నాన్నకు కూడా పరీక్ష చేయించాం. ఎముక గీత కూడా బాగా దిగిపోయింది, ఆయనకు యంత్రమే మేలన్నారు. పెట్టుకుని మొదటిరోజే టీవీ శబ్దం తగ్గించమని పిన్నిని కసిరాడు.

చెల్లెలికి ఇప్పుడు మోతలు కటువుగా ఉన్నాయట. గట్టి శబ్దాన్ని కాస్త అదిమిపట్టే కండరం అంకవన్నెతో పాటే పోయింది మరి. మొన్న గుంటూరు నుంచి వస్తుంటే వెనక చక్రం మీది సీట్లో మరిది ఏదో చెప్పబోయాడు. "ఈ రొదలో నాకేం వినపడట్లేదు, ఇంటికెళ్లాక చెప్పండి" అంది.