ఒక కుర్తీ, రెండు భాషలు, ఒకే కొలత

ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువు పేజీలో మొదట కంటబడేది శీర్షిక. అమెజాన్‌లో చాలా రకాల వస్తువుల శీర్షికకు అక్షరాల హద్దు ఉంది. కానీ ఫోన్లో వెతికినప్పుడు అంత పొడుగు కనబడదు, ఒకటి రెండు వరుసల తర్వాత కత్తిరించేస్తుంది. కాబట్టి వస్తువేమిటో, బట్ట ఏమిటో ముందే వచ్చేయాలి. మంగళగిరి బట్టతో కుట్టిన కుర్తీకి ఇంగ్లీషు శీర్షిక ఇలా ఉండొచ్చు:

```
Mangalagiri Handloom Cotton Kurti for Women, Zari Border, 3/4 Sleeve, Navy Blue
```

తెలుగులో అది ‘మంగళగిరి చేనేత కాటన్ కుర్తీ, ఆడవారికి, జరీ అంచు, ముప్పావు చేతులు, నేవీ బ్లూ’ అవుతుంది. ఇక్కడ కాటన్‌ని నూలు అనీ, నేవీ బ్లూని ముదురు నీలం అనీ మార్చకపోవడమే మేలు. కొనేవాళ్లు వెతికేది దుకాణంలో అడిగే మాటలతోనే. తెలుగు శీర్షిక ఇంకా పొదుపుగా ఉండాలి, ఎందుకంటే కంప్యూటర్ గుణింతాన్నీ ఒత్తునూ విడివిడిగా లెక్కిస్తుంది. ‘కుర్తీ’ కంటికి రెండక్షరాలే, లెక్కలో ఆరు. ఇక చేనేత అని రాయాలంటే బట్ట చేమగ్గం మీద నేసిందే కావాలి. మంగళగిరి చీరలకూ బట్టలకూ భౌగోళిక గుర్తింపు ఉంది, మరమగ్గం బట్టకు ఆ పేరు తగిలించడం కొనేవారిని మోసగించడమే.

శీర్షిక కింద వచ్చే బులెట్ పాయింట్లలో ఒక్కోటి ఒక్కో సందేహం తీర్చాలి. ‘నాణ్యమైన, మెత్తని వస్త్రం’ అంటే ఏ సందేహమూ తీరదు. లైనింగ్ ఉందా, జేబు ఉందా, పక్క కట్టు ఎక్కడి నుంచి మొదలవుతుంది, మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతకాలా అన్నవి అసలు సంగతులు. రెండు భాషల్లోనూ ఇవన్నీ ఒకేలా ఉండాలి. ఫొటోలో మోడల్ చున్నీ వేసుకుని ఉంటుంది. చున్నీ రాదన్న మాట ఇంగ్లీషులో ఉండి తెలుగులో జారిపోతే, తెలుగు పేజీ చదివి కొన్నవారు పార్సిల్ వెనక్కి పంపుతారు. తప్పు వారిది కాదు.

ఎక్కువ పేచీ సైజ్ చార్ట్ దగ్గరే. అందులో ‘ఛాతీ 38’ అని మాత్రమే ఉంటే అది ఒంటి కొలతో, కుర్తీ కొలతో తెలియదు. నేత బట్ట సాగదు కనుక ఒంటి కొలత మీద లూజు వదిలి కుడతారు. ఉదాహరణకు రెండంగుళాల లూజుతో కుట్టిన ఎం సైజు కుర్తీ 38 అంగుళాలుంటే, అది 36 అంగుళాల ఛాతీ ఉన్నవారికి సరిపోతుంది. చార్ట్‌లో ఈ రెండూ వేర్వేరు గడుల్లో, ‘ఒంటి ఛాతీ’, ‘కుర్తీ ఛాతీ’ అన్న పేర్లతో ఉండాలి.

కుర్తీ ఛాతీ కొలవడానికి దాన్ని బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా టేపు పెడతారు. 19 అంగుళాలు వస్తే రెట్టింపు చేసి 38 అనుకోవాలి. అంగుళం అంటే సరిగ్గా 2.54 సెంటీమీటర్లు. 38ని దానితో గుణిస్తే 96.52, దగ్గరి పూర్తి అంకె 97. అదే 19ని ముందు సెంటీమీటర్లలోకి మార్చి 48గా సర్ది, ఆ తర్వాత రెట్టింపు చేస్తే 96 వస్తుంది. అందుకే రెట్టింపు ముందు, మార్పు తర్వాత, సర్దుబాటు అన్నిటికన్నా చివర. 2.54 బదులు సులువని 2.5 వాడితే నష్టం ఇంకా పెద్దది. 40 అంగుళాలు 101.6 కావాల్సింది 100 అవుతుంది, అంటే అర అంగుళం పైనే తేడా.

మన దర్జీలూ అమెరికాలోని తెలుగువారూ అంగుళాల్లో ఆలోచిస్తారు, మన దేశపు తూనికలు కొలతల నిబంధనలు మెట్రిక్ అడుగుతాయి. అందువల్ల రెండూ పక్కపక్కనే ఇవ్వాలి. ఎం సైజును అమెరికా 8, 10 నంబర్లలోకి మాత్రం మార్చకూడదు, అవి కంపెనీకో తీరుగా ఉంటాయి. ముడిబట్ట ఉతికితే కుదించుకుపోతుంది కనుక, ముందే తడిపి ఆరబెట్టి కుట్టారో లేదో చార్ట్ కింద చెప్పాలి. తడపని బట్టయితే ఒక నమూనాను ఉతికి కొలిచి, ఆ కొలతనే ఇవ్వాలి.

చార్ట్ తప్పిందో లేదో వెనక్కి వచ్చిన సరుకు చెబుతుంది. ‘బిగుతుగా ఉంది’ అన్న ఫిర్యాదు ఒక్క ఎల్ సైజుకే వస్తుంటే ఆ వరుసలో అంకె తప్పు పడినట్టు, లేదా ఆ సైజు కటింగ్‌లో తేడా ఉన్నట్టు. అన్ని సైజులకూ వస్తుంటే, కుర్తీ కొలతను ఒంటి కొలత గడిలో వేశారేమో చూడాలి.