ఓటీపీ అడిగిందా? అది మీ బ్యాంకు చాట్‌బాట్ కాదు

పాస్‌బుక్ ప్రింటు చేసే యంత్రం పక్కనో, క్యాష్ కౌంటరు అద్దం మీదో బ్యాంకు బ్రాంచిల్లో ఈ మధ్య ఇలాంటి నోటీసులు అంటిస్తున్నారు. మా బ్యాంకు కొత్తగా చాట్‌బాట్ తెచ్చింది, బ్యాలెన్సు ఎంతుందో, చెక్కుబుక్కు ఎప్పుడొస్తుందో దాన్ని అడగొచ్చు, అది మాత్రం మిమ్మల్ని పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ ఎప్పటికీ అడగదు అని వాటి సారాంశం. చాలామంది మొదటి రెండు ముక్కలు చదివి పక్కకు వెళ్లిపోతారు. అసలు విషయం మూడో ముక్కలో ఉంది.

చాట్‌బాట్ అంటే మనం టైపు చేసిన ప్రశ్నకు మనిషి లేకుండా జవాబిచ్చే ప్రోగ్రాము. అది బ్యాంకు యాప్‌లో ఉండొచ్చు, వెబ్‌సైట్‌లో ఓ మూల ఉండొచ్చు, వాట్సాప్‌లోనూ ఉండొచ్చు. మరి ఓటీపీ అడక్కుండా మీరెవరో దానికెలా తెలుస్తుంది? యాప్‌లో అయితే మీరు అప్పటికే లాగిన్ అయి ఉంటారు. వాట్సాప్‌లో అయితే ఖాతాకు జోడించిన మొబైల్ నంబరే మీ గుర్తింపు. వెబ్‌సైట్‌లో ఎవరో తెలియనివారికి అది వడ్డీ రేట్లు, బ్రాంచి వేళల వంటి సాధారణ వివరాలే చెబుతుంది. డబ్బు పంపడం వంటి పని ఉంటే బ్యాంకు సొంత యాప్‌కో, లాగిన్ పేజీకో వెళ్లమంటుంది. కాబట్టి చాట్‌లో మీ రహస్యం దానికి అవసరం లేదు. నోటీసులోని మాట మర్యాద కోసం రాసింది కాదు, ఆ ప్రోగ్రామును కట్టిన పద్ధతే అది.

ఓటీపీ ఎలా పుడుతుందో తెలిస్తే ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. మీరు ఆన్‌లైన్‌లో ఏదైనా కొని కార్డు వివరాలు ఇచ్చారనుకోండి. బ్యాంకు కంప్యూటరు అప్పటికప్పుడు ఒక అంకె తయారుచేసి మీ ఫోనుకు పంపుతుంది. మీరు ఆ కొనుగోలు పేజీలోనే దాన్ని టైపు చేస్తే, తన దగ్గరున్న అంకెతో సరిపోల్చి డబ్బు వదులుతుంది. అంటే ఓటీపీ వెళ్లాల్సిన చోటు ఒక్కటే, మీరే మొదలుపెట్టిన లావాదేవీ తాలూకు పేజీ. ఆ అంకె బ్యాంకుకు ముందే తెలుసు. దాన్ని తెలుసుకోవాల్సిన అవసరం ఉన్నది ఇంకెక్కడో కూర్చుని మీ కార్డుతో లావాదేవీ మొదలుపెట్టిన వాడికే.

మోసం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక గృహిణి కరెంటు బిల్లు కట్టింది. ఖాతాలో 2,400 రూపాయలు పోయాయి గానీ బిల్లు జమ కాలేదు. కంగారులో బ్యాంకు పేరు, కస్టమర్ కేర్ అని కలిపి ఇంటర్నెట్‌లో వెతికింది. పైన కనబడిన నంబరు మోసగాళ్లు పెట్టింది. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టగానే బ్యాంకు లోగో ఉన్న ఖాతా నుంచి జవాబొచ్చింది. రీఫండు కోసం 1 నొక్కండి, బ్యాలెన్సు కోసం 2 నొక్కండి అని అచ్చం చాట్‌బాట్ మాట్లాడినట్టే ఉంది. ఆమె 1 నొక్కింది. రీఫండు వేయడానికి కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ అడిగింది. ఇచ్చింది. ఆ తర్వాత ఫోనుకు వచ్చిన కోడు పంపమంది.

ఆ క్షణంలో అవతలివాడు ఆమె కార్డుతో ఏదో దుకాణంలో 24,900 రూపాయల కొనుగోలు పేజీ తెరిచి కూర్చున్నాడు. ఆమెకు వచ్చిన మెసేజ్‌లో ఎంత మొత్తమో, అది కొనుగోలుకని ఇంగ్లిషులో ఉంది. ఎవరికీ చెప్పవద్దనీ ఉంది. ఆమె కంటికి ఆనింది ఆరంకెలే. 11 గంటల 10 నిమిషాలకు పంపింది. మొదటి కోడు పనిచేయలేదు, రెండోది పంపండి అని జవాబొచ్చింది. 11:14కి అదీ పంపింది. మరో 18,000 పోయాయి. కోడు పనిచేయలేదు, మళ్లీ పంపండి అనే మాట ఈ మోసంలో తరచూ వినిపించేదే. దాని అర్థం మొదటిది పనిచేసిందని.

ఇక్కడ మనం గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటుంది. డబ్బు మనకు రావడానికి ఓటీపీ అక్కర్లేదు, సీవీవీ అక్కర్లేదు, యూపీఐ పిన్ అంతకంటే అక్కర్లేదు. అవన్నీ డబ్బు బయటికి పంపడానికే. రీఫండు పేరుతో వాటిలో ఏది అడిగినా, లోగో ఎంత బాగున్నా, తెలుగు ఎంత చక్కగా ఉన్నా చాట్ అక్కడే ఆపేయాలి. లోగో ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ ఫొటోలోనే టిక్ గుర్తు గీసి పెట్టేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు చాట్‌బాట్ నంబరు బ్రాంచి నోటీసులోనో, బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లోనో చూసి తీసుకోవాలి. మన దేశంలో బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామా చివర bank.in ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిర్దేశించింది. ముందుగా చూడాల్సింది ఆ తోకనే.

నోటీసులో లేని సంగతి ఇంకోటి. చాట్‌బాట్ అడక్కపోయినా కొందరు తామే టైపు చేసేస్తారు. ‘నా పాస్‌వర్డ్ ఇది, పనిచేయడం లేదు, చూడండి’ అని రాస్తారు. చాట్‌లో రాసిన మాటలు అవతలి కంప్యూటరులో నిలవ ఉండొచ్చు, ప్రశ్న కష్టమైనప్పుడు బ్యాంకు ఉద్యోగి వాటిని తెరిచి చూడొచ్చు. మీ ఫోనులో చెరిపినంత మాత్రాన అక్కడ చెరిగిపోదు. అలా రాసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవడమే దారి.

మన గృహిణికి 11:30కి అనుమానం వచ్చి బ్యాంకుకు ఫోను చేసి ఫిర్యాదు చేసింది. ఆ నిమిషానికి చాలా విలువ ఉంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తన రహస్య వివరాలు తానే ఇచ్చి నష్టపోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము ఖాతాదారుదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అంటే ఆమె విషయంలో 42,900 రూపాయలు ఆమె మీదే పడతాయి. కార్డు వివరాలు ఇంకా వాడి దగ్గరే ఉన్నాయి. విదేశీ సైట్లలో కొన్ని ఓటీపీ లేకుండానే కార్డు తీసుకుంటాయి. ఆమె కార్డుకు విదేశీ వాడకం తెరిచి ఉండి, 11:45కి అక్కడ 12,000 లాగేశాడనుకోండి. అది ఫిర్యాదు తర్వాతది కాబట్టి బ్యాంకు చెల్లించాలి. అందుకే ఫిర్యాదు నంబరు, సమయం రాసిపెట్టుకోవాలి. రేపు బ్రాంచికి వెళ్లి చెబుదాంలే అనుకుంటే మధ్యలో పోయేదంతా మన ఖాతాలోంచే.

బ్యాంకుకు చెప్పాక 1930కి ఫోను చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు వేరే ఖాతాకు చేరి ఇంకా చేతులు మారకముందే అక్కడ నిలిపేయడానికి ఈ ఏర్పాటు ఉంది. ఆలస్యమైతే ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది, ఏటీఎంలో నోట్లయి బయటికి వచ్చేస్తుంది. అన్నిసార్లూ డబ్బు తిరిగొస్తుందని చెప్పలేం. తొందరగా చెబితే మాత్రం దొరికే వీలు ఎక్కువ.

బ్రాంచి మేనేజర్లకు ఒక విన్నపం. ఆ నోటీసు తెలుగులో, పెద్దక్షరాల్లో, పెన్షను కోసం వచ్చే పెద్దవాళ్లు కూర్చునే బెంచీకి ఎదురుగా అంటించండి. అడగదు అన్న మాటతో ఆపకండి. అడిగితే అది మా చాట్‌బాట్ కాదు, వెంటనే ఈ నంబరుకు చెప్పండి అని రాసి, దాని కింద మీ బ్యాంకు ఫిర్యాదుల నంబరు, 1930 వేయండి.